పెన్షన్ ఎటు పోతోంది: ఒక టీచరుగారి నోటుబుక్కు, అంచెలంచెలుగా లెక్క

అమలాపురానికి దగ్గర్లో ఒక ఊరు. రిటైరై ఎనిమిదేళ్లయిన సెకండరీ గ్రేడ్ టీచరుగారు ఒక్కరే ఉంటున్నారు. సొంత ఇల్లు, పెరట్లో డజను కొబ్బరిచెట్లు. కొడుకు హైదరాబాద్‌లో, కూతురు కాకినాడలో. కోతలన్నీ పోగా నెలకి 38,400 రూపాయల పెన్షన్ ఖాతాలో పడుతుంది. ఒంటరి మనిషికి అది తక్కువేం కాదు. అయినా ఇరవయ్యో తారీకు వచ్చేసరికి ఏటీఎం ముందు నిలబడి ఎంతుందో చూసుకుని తీయాల్సి వస్తోంది. ఆవిడ అనుమానం పాల మీద, చేపల మీద, పనిమనిషి జీతం మీద. నెల రోజుల పాటు అర లీటరు పాలు తగ్గించి చూశారు, ఏమీ మిగల్లేదు.

ఇలాంటి లెక్క పట్టుకోవడానికి ఫోన్‌లో యాప్ అక్కర్లేదు, ఒక చిన్న నోటుబుక్కు సరిపోతుంది. కాకపోతే దాన్ని రాసే పద్ధతి ఒకటుంది. ఖర్చులు వరసగా రాసుకుంటూ పోతే నెలాఖరుకి పొడవాటి జాబితా వస్తుందే తప్ప పోయిన డబ్బు దొరకదు. రాసిన దాన్ని ఉన్న డబ్బుతో సరిచూస్తేనే తేడా బయటపడుతుంది, వెతకాల్సింది ఆ తేడాలోనే.

మొదటి మెట్టు: పుస్తకం, గీతలు

చేతిసంచిలో పట్టే వంద పేజీల పుస్తకం తీసుకోండి. పెద్ద లెడ్జరు కొంటే అది బీరువా దాటి బయటికి రాదు, పదో రోజుకల్లా రాయడం ఆగిపోతుంది. పెన్నుని దారంతో పుస్తకానికే కట్టేయండి. పుస్తకం తెరిస్తే కనిపించే రెండు పేజీల్లో ఎడమది రొక్కానికి, కుడిది బ్యాంకుకి. ఏటీఎం, ఫోన్‌తో చెల్లింపులు, చెక్కు, ఖాతాలోంచి దానంతట అదే కోసుకునేది అన్నీ కుడివైపే రావాలి. ఈ రెండింటినీ ఒకే పేజీలో కలిపేస్తే నెలాఖరున తేడా ఎటువైపు ఉందో తేలదు, లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

ప్రతి పద్దుకీ తారీకు, ఎందుకు, ఎవరికి, ఎంత అనే నాలుగు ముక్కలు చాలు. ‘ఎవరికి’ అన్నది మాత్రం వదలొద్దు. ‘మందులు 640’ అని రాస్తే సరిపోయేట్టే ఉంటుంది, కానీ ఆ మందులు తనకా, పనిమనిషి కొడుక్కి జ్వరమొస్తే కొనిచ్చినవా అన్నది రెండు నెలల తర్వాత గుర్తుండదు. టీచరుగారి పుస్తకంలో మొదటి వారం ఎడమ పేజీ ఇలా ఉంది:

3 – పాలు, పది రోజులకి – పాలాయన – 350
3 – కొరమేను అరకిలో – ఇంటికి – 220
4 – ఆటో, బ్యాంకుకి రానూపోనూ – 80
5 – పెళ్లి చదివింపులు – ఎదురింటివాళ్ల అమ్మాయి – 1,116
6 – చేబదులు – పాలేరు భార్య – 1,000

ఎప్పటి పద్దు అప్పుడే, డబ్బు చేయి దాటిన చోటే రాయాలి. రాత్రి భోజనాలయ్యాక గుర్తు చేసుకుని రాసేవాళ్లకి వందలు గుర్తుంటాయి, యాభైలు జారిపోతాయి. ఏటీఎం పిన్ను, ఓటీపీ, బ్యాంకు పాస్‌వర్డు మాత్రం ఈ పుస్తకంలోకి రాకూడదు. ఎక్కడైనా మరిచిపోయి వచ్చేసే వస్తువు ఇది.

రెండో మెట్టు: మొదలుపెట్టే రోజు నిల్వ

పెన్షన్ పడే ముందు రోజు సాయంత్రం రెండు అంకెలు రాయాలి. ఖాతాలో ఎంతుంది, ఇంట్లో రొక్కం ఎంతుంది. రొక్కమంటే పర్సులోది ఒక్కటే కాదు. దేవుడి గూట్లో పెట్టినవి, బీరువాలో చీరల మడతల్లోవి, బియ్యం డబ్బాలోవి, హుండీకని ముడుపు కట్టినవి అన్నీ ఒకసారి మంచం మీద పరిచి లెక్కపెట్టాలి. ఈ పని సరిగ్గా చేయకపోతే నెలాఖరున వచ్చే తేడా మీద నమ్మకం ఉండదు.

టీచరుగారు ఖాతా 6,150, రొక్కం 1,840 అని రాశారు. రొక్కం విషయంలో బీరువా, పర్సు మాత్రమే చూశారు. దాని ఫలితం కింద కనిపిస్తుంది.

అదే రోజు పెన్షన్ స్లిప్పు కూడా ఒకసారి చూసుకోవాలి. మూల పెన్షన్, కరువు భత్యం, కమ్యుటేషన్ కోత, ఉద్యోగుల ఆరోగ్య పథకమైన ఈహెచ్ఎస్ చందా, పన్ను వేరువేరు వరసల్లో ఉంటాయి. చాలామంది పడిన మొత్తాన్నే పెన్షన్ అనుకుంటారు. రిటైరైనప్పుడు కమ్యుటేషన్ కింద ఒకేసారి డబ్బు తీసుకున్నవాళ్లకి ఆ భాగం నెలనెలా తగ్గి పడుతుంది, 15 ఏళ్లకి తిరిగి కలుస్తుంది. అది పోయిన డబ్బు కాదు, ముందే తీసేసుకున్నది. దాన్ని ఖర్చు కింద రాయొద్దు.

మూడో మెట్టు: నెలాఖరున రెండు తూకాలు

శివారు పొలానికి నీళ్లు అందకపోతే రైతు పొలంలో కూర్చోడు, కాలువ పట్టుకుని తూము తూమూ చూసుకుంటూ పైకి నడుస్తాడు. ఇక్కడా అంతే. డబ్బు మొదట ఖాతాలోకి వస్తుంది, అక్కణ్ణించి చేతికి వస్తుంది. కాబట్టి ముందు ఖాతా తూకం, తర్వాత రొక్కం తూకం.

పాస్‌బుక్కుని బ్యాంకుకి తీసుకెళ్లి ప్రింటు వేయించుకోవాలి. ఫోన్‌కి వచ్చే మెసేజీల మీద ఆధారపడొద్దు, చిన్న మొత్తాలకి అన్నిసార్లూ మెసేజీ రాదు. టీచరుగారి ఖాతా తూకం ఇది. మొదటి నిల్వ 6,150, పెన్షన్ 38,400, కలిపితే 44,550. నెలాఖరు నిల్వ 2,310. అంటే ఖాతాలోంచి బయటికి వెళ్లింది 42,240. ఇప్పుడు కుడి పేజీ కూడితే ఏటీఎంలో మూడేసి వేల చొప్పున ఎనిమిదిసార్లు తీసినవి 24,000, కొడుక్కి నెలనెలా పంపేది 6,000, ఫోన్‌తో కట్టినవి 9,211. ఈ చివరి దాంట్లో మందులు 4,350, మిగతావి కరెంటు, గ్యాసు, సరుకులు. మొత్తం 39,211. తేడా 3,029.

ఇక పాస్‌బుక్కు వరసలు ఒక్కొక్కటి కుడి పేజీతో పోల్చి, రెండు చోట్లా ఉన్నదానికి టిక్కు పెట్టుకుంటూ పోవాలి. టిక్కు లేకుండా మిగిలినవే కావాల్సినవి. `NACH` లేదా `ACH` అని ఉంటే బయటి సంస్థ ఎవరో ఖాతాలోంచి నేరుగా కోసుకుంటున్నారని. `SI` అంటే ఎప్పుడో మీరే ఇచ్చిన స్థిర ఆదేశం. టీచరుగారి పాస్‌బుక్కులో టిక్కు లేని వరసలు ఆరు తేలాయి.

ఒకటి 2,500. ఏడాదిన్నర కిందట ఫిక్స్‌డ్ డిపాజిట్ రెన్యువల్‌కి వెళ్లినప్పుడు, కౌంటరు దగ్గర చెప్పిన ‘మంచి స్కీము’ కాగితాల మీద పెట్టిన సంతకం. అది డిపాజిట్ కాదు, నెలవారీ ప్రీమియం ఉన్న జీవిత బీమా పాలసీ. రెండోదీ మూడోదీ కలిపి 448. సంక్రాంతి సెలవుల్లో మనవడు ఆవిడ ఫోన్‌లో పెట్టిన సినిమాల యాప్ ఒకటి, పాటల యాప్ ఒకటి. మిగతా మూడు వరసలు ఒక్కోటి 27 చొప్పున 81. నెలకి సాధారణంగా ఐదుసార్లు ఏటీఎం ఉచితం, ఆపైన ఒక్కో తీతకి 23 రూపాయల వరకు వేసుకోవచ్చు, దానిమీద జీఎస్టీ. ఎనిమిదిసార్లు తీస్తే మూడు రుసుములు. 2,500, 448, 81 కూడితే సరిగ్గా 3,029. బ్యాంకు వైపు తూకం ఇలా పైసలు మినహా పూర్తిగా కలిసే దాకా వదలకూడదు, కలిసి తీరుతుంది.

రొక్కం అలా కలవదు. టీచరుగారికి మొదటి రొక్కం 1,840, ఏటీఎం తీతలు 24,000, ఆ నెల కొబ్బరి దింపులో కాయలమ్మితే వచ్చినవి 1,800, మొత్తం 27,640. నెలాఖరున చేతిలో 620. ఖర్చు 27,020 అయి ఉండాలి. ఎడమ పేజీలో ఇంటి ఖర్చు 13,130, పెళ్లిళ్లకి 5,100, చేబదుళ్లు 4,000, మొత్తం 22,230. తేడా 4,790.

నాలుగో మెట్టు: రొక్కంలో తేడాని విడగొట్టడం

ఇక్కడే చాలామంది ‘చిల్లర ఖర్చులై ఉంటాయిలే’ అని పుస్తకం మూసేస్తారు. నెలకి ఐదు వందల లోపు తేడా అయితే అలా అనుకోవచ్చు. నాలుగు వేల పైన ఉంటే దానికి కారణం చిల్లర కాదు.

మొదట ఇల్లు వెతకాలి. రెండు వందల సరుక్కి ఐదొందల నోటిచ్చి, పుస్తకంలో రెండు వందలు రాసి, మిగిలిన మూడొందలు చేతికందిన చోట పెట్టేయడం అందరూ చేసేదే. టీచరుగారి ఇంట్లో దేవుడి గూట్లో, కుంకుమ భరిణె కింద, పాత కళ్లజోడు పెట్టెలో కలిపి 1,350 దొరికాయి. మొదటి రోజే లెక్కలో చేర్చాల్సిన చోట్లు ఇవి. ఆ నెలలో చేరినవెన్నో, అంతకు ముందువెన్నో తేల్చలేం గనక మొత్తాన్నీ తేడాలోంచి తీసేసి, వచ్చే నెల నిల్వలో కలిపేశారు. మిగిలింది 3,440.

తర్వాత నెలలో వచ్చివెళ్లిన మనుషుల్ని గుర్తు చేసుకోవాలి. వస్తువుల్ని గుర్తు చేసుకుంటే దొరకదు, మనుషుల్ని తలుచుకుంటే దొరుకుతుంది. పన్నెండో తారీకున తమ్ముడి కొడుకు వచ్చాడు. కాఫీ తాగి, గడప దగ్గర చెప్పులేసుకుంటూ ఆగాడు.

“అత్తా, ఓ రెండు వేలుంటే సర్దుదూ. ఒకటో తారీక్కి ఇచ్చేస్తాను.”

ఇచ్చారు. పుస్తకం చేతి పక్కనే బల్ల మీద ఉంది. వాడు చూస్తుండగా రాయడానికి మొహమాటపడ్డారు, వెళ్లాక ఇంటి మనిషికిచ్చింది రాసుకోవడమేమిటని ఊరుకున్నారు. పాలేరు భార్యకిచ్చిన వెయ్యి రాశారు, మేనల్లుడికిచ్చిన రెండు వేలు రాయలేదు. దాదాపు ప్రతి ఇంట్లోనూ పెద్ద మొత్తాలు ఇలాగే జారిపోతాయి. ఎంత దగ్గరివాళ్లయితే అంత రాయకుండా ఉంటుంది. రాయడానికి ఇబ్బందిగా ఉంటే పేరులో మొదటి అక్షరం, అంకె చాలు, వాళ్లు వీధి మలుపు తిరిగాకే రాయండి. కానీ రాయండి.

రెండు వేలు తీసేస్తే 1,440 మిగులుతుంది. ఆటోలు, గుళ్లో పళ్లెం, టిఫిను. దాన్ని తవ్వడానికి రెండో నెలలో ఒక చిన్న మార్పు చాలు. ఏటీఎంలో తీసిన ప్రతిసారీ, కొత్త డబ్బు తీసే ముందు పాత విడత లెక్క ముగించాలి. నెల మొత్తానికి 1,440 తేడా వస్తే ఎక్కడని వెతుకుతాం? ఎనిమిది వేల విడత ఒక్కటి తీసుకుని అందులో మూడొందల తేడా అంటే, జరిగింది ఈ పది రోజుల్లోనే గనక గుర్తొస్తుంది. విడతలు తగ్గించి ఎక్కువ మొత్తం తీస్తే రుసుమూ పడదు. టీచరుగారు నెలకి మూడుసార్లు, ఎనిమిదేసి వేలు తీయడం మొదలుపెట్టాక రొక్కం తేడా రెండో నెలలో 410కి దిగింది.

ఐదో మెట్టు: మళ్లీ మూటలు కట్టడం

ఇప్పుడు రెండు పేజీలూ కలిపి, ఎవరికి వెళ్లిందన్న దాన్ని బట్టి మూటలు కట్టాలి. వస్తువుల వారీగా మూటలు కడితే అసలు విషయం కనబడదు.

ఖాతాలోంచి వెళ్లిన 42,240లో ఏటీఎం తీతలు 24,000 తీసేసి, రొక్కం ఖర్చు 27,020 కలిపితే, ఆ నెల ఖాతాలోనూ చేతిలోనూ కలిపి లెక్కకి రావాల్సింది 45,260. ఇంటికీ మందులకీ బిల్లులకీ పోయింది 22,341. ఖాతాలోంచి దానంతట అదే కోసుకున్నది 3,029. ఆటోల్లాంటి చిన్నవి 1,440, ఇంట్లోనే దొరికినవి 1,350. మిగిలింది 17,100. అందులో కొడుక్కి 6,000, చేబదుళ్లు తమ్ముడి కొడుకుతో కలిపి 6,000, పెళ్లిళ్లకి 5,100.

అంటే పాలు, చేపలు, పనిమనిషి ఉన్న మూటలో తప్పేమీ లేదు. పెన్షన్‌లో దాదాపు 45 శాతానికి సమానమైన డబ్బు మనుషులకి వెళ్లింది. ఇంటి ఖర్చు తగ్గించుకునే కొద్దీ ఆ మిగులు కూడా అటే వెళ్లింది. పాలు తగ్గించినా ఏమీ మిగలకపోవడానికి కారణం ఇదే. ఈ లెక్కలో ఎవరూ దొంగ కాదని కూడా గమనించాలి. అడిగినవాళ్లు అడిగారు, ఇచ్చినావిడ ఇష్టంగానే ఇచ్చారు. కూడిక మాత్రం ఎవరూ వేయలేదు.

ఆరో మెట్టు: ఒక్కో రంధ్రానికి ఒక్కో మందు

దానంతట అదే కోసుకునేవాటిలో యాప్‌ల చందాలు తేలిక. చెల్లింపుల యాప్‌లో మీ ప్రొఫైల్ బొమ్మ నొక్కితే `Autopay` అనే చోట నడుస్తున్న అనుమతులన్నీ కనిపిస్తాయి, అక్కడే రద్దు చేయొచ్చు. సినిమా యాప్‌ని ఫోన్‌లోంచి తీసేసినంత మాత్రాన డబ్బు కోత ఆగదు, అనుమతి రద్దు కావాలి. అలాగే 20 రూపాయల వరస కనబడితే కంగారుగా తీసేయకండి. అది ఏడాదికోసారి పడే ప్రధానమంత్రి సురక్షా బీమా ప్రీమియం కావచ్చు. 70 ఏళ్ల దాకా ప్రమాద బీమా ఇస్తుంది, ఉంచుకోదగ్గదే.

బీమా పాలసీ విషయంలో తొందరపాటు నష్టం. కొత్త పాలసీ నచ్చకపోతే బాండు చేతికొచ్చిన 30 రోజుల్లోపు వెనక్కిచ్చే హక్కుంది. ఏడాదిన్నర గడిచాక ఆ దారి లేదు. అప్పుడు బాండు తీసి ఎన్నేళ్లు కట్టాలి, ఇప్పుడు సరెండర్ చేస్తే ఎంతొస్తుంది, కట్టడం ఆపి పాలసీని తగ్గించిన మొత్తంతో ఉంచుకునే వీలుందా అని కంపెనీని రాతపూర్వకంగా అడగాలి. జవాబు వచ్చాకే ఖాతాలో కోత ఆపమని బ్యాంకుకి అర్జీ ఇవ్వాలి. ముందే ఆపేస్తే కట్టిందంతా పోయే ప్రమాదం ఉంది. డిపాజిట్ అని చెప్పి బీమా అంటగట్టారనిపిస్తే ముందు బ్యాంకుకే లిఖితపూర్వక ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. 30 రోజుల్లో సరైన జవాబు రాకపోతే `cms.rbi.org.in` ద్వారా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి రాయొచ్చు. అసలు మీకు ఏ సంబంధమూ లేని కోత కనబడితే సంగతి వేరు. అది మోసం, ఒక్క రోజు కూడా ఆగకుండా బ్యాంకుకి చెప్పి 1930కి ఫోన్ చేయాలి. మీ తప్పు, బ్యాంకు తప్పు లేకుండా జరిగిన కోతని మూడు పనిదినాల్లోపు తెలియజేస్తే నష్టం మీ మీద పడదు.

చేబదుళ్లకి పుస్తకం వెనకనుంచి మొదటి పేజీ కేటాయించండి. పేరు, తారీకు, ఎంత, ఎప్పుడిస్తానన్నారు, ఎప్పుడిచ్చారు. ఈ చివరి గడి ఖాళీగా ఉన్నవాళ్లకి రెండోసారి ఇవ్వడమా మానడమా అన్నది ఆ పేజీ చూసి తేల్చుకోవచ్చు. టీచరుగారు నెలకి రెండు వేలని గీత గీసుకున్నారు. ఆ నెల రెండు వేలు వెళ్లిపోతే ‘ఈ నెలది అయిపోయిందమ్మా, వచ్చే నెల చూద్దాం’ అనడం తేలికైంది, ఎందుకంటే అది నిజం. పది వేలు దాటిన బదులైతే నోటిమాట మీద వద్దు. రెవెన్యూ స్టాంపు అంటించిన ప్రోనోటు రాయించుకోండి, తారీకు గుర్తుంచుకోండి. ప్రోనోటు మీద దావా వేయడానికి గడువు మూడేళ్లే.

కొడుకు సంగతి ఇంకా తేలిగ్గా తెమిలింది. ఫ్లాటు లోను వాయిదాలో ఆర్నెల్ల సాయమని మొదలై, రెండేళ్లుగా నడుస్తున్న స్థిర ఆదేశం అది. ఫోన్ చేసి అంకెలు చదివితే అబ్బాయి అన్న మాట, “నువ్వు ఆపుతావని నేను, నేను వద్దంటానని నువ్వు చూస్తున్నామమ్మా”. స్థిర ఆదేశాలకి ముగింపు తారీకు పెట్టకపోతే జరిగేది ఇదే. ఏది మొదలుపెట్టినా బ్యాంకు కాగితంలో చివరి నెల కూడా రాయించండి.

ఏడో మెట్టు: ఏడాది పేజీ

చదివింపుల్ని నెల ఖర్చు కింద చూస్తే ప్రతి నెలా ‘ఈ నెల ఒక్కటే ఇలా’ అనిపిస్తుంది. మాఘంలో పెళ్లిళ్లు, వేసవిలో కాలువలు కట్టేశాక మంచినీళ్ల టిన్నులు, శ్రావణంలో మళ్లీ పెళ్లిళ్లూ నోములూ, కార్తీకంలో గుళ్లు, సంక్రాంతికి పిల్లలూ అల్లుడూ. ఈ ‘ఒక్క నెల’ ఏడాదికి ఏడెనిమిదిసార్లు వస్తుంది. వెనక రెండో పేజీలో పన్నెండు నెలల పేర్లు రాసి, తెలిసినవన్నీ అందాజుగా వేసుకోండి. టీచరుగారి పేజీలో సంక్రాంతికి 15,000, చదివింపులకి 22,000, ఇంటి పన్నూ మరమ్మతులకీ 6,000, కంటి డాక్టరూ పరీక్షలకీ 5,000, మొత్తం 48,000 వచ్చింది. పన్నెండుతో భాగిస్తే నెలకి నాలుగు వేలు. పెన్షన్ పడిన మర్నాడే ఆ నాలుగు వేలు ఏటీఎం కార్డు లేని వేరే ఖాతాలోకి పంపేస్తారు, శుభలేఖ వస్తే కవరులో పెట్టేది అందులోంచే. కవరులో 1,116 పెట్టాలా 516 పెట్టాలా అన్నది కూడా ఆ పేజీ చూసుకునే తేల్చుకుంటారు. వాళ్లు మనింటికి ఎంత చదివించారన్న లెక్క మన పల్లెల్లో ఎలాగూ ఉంటుంది, దాని పక్కన ఈ లెక్క కూడా ఉండాలి.

మనవరాలి ఫీజు లాంటిది కొత్తగా వస్తే జాబితాలో చేర్చి నాలుగు వేలని పెంచాలి, లేదా ఇంకోటి తగ్గించాలి. దింపుకి దింపుకీ కాయల ధర మారిపోతుంది కాబట్టి కొబ్బరి డబ్బుని ఈ లెక్కలో ఆదాయంగా పట్టుకోవద్దు. వచ్చింది వచ్చినట్టు ఆ వేరే ఖాతాలో వేసేస్తే మేలు.

రెండు పేజీలూ పూర్తిగా రాయడం సంక్రాంతి నుంచి సంక్రాంతి దాకా ఒక ఏడాది చాలు. ఆ తర్వాత రొక్కం పేజీ మానేసినా పర్వాలేదు. బ్యాంకు పేజీ, పాస్‌బుక్కు టిక్కులు, వెనకనున్న చేబదుళ్ల పేజీ మాత్రం ఆపకూడదు. పాస్‌బుక్కు ప్రింటు మూడు నెలలకోసారి వేయిస్తే సరిపోతుందనుకోవద్దు. మూడు నెలలకి బీమా కోత ఒక్కటే 7,500 అవుతుంది.